త్రీ సెకండ్స్, బ్యాక్‌కోర్ట్, షాట్ క్లాక్: లెక్క ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ఆగుతుంది?

ప్రశ్న: మేం సెలవు రోజుల్లో సరదాగా ఆడుకునే బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఒకే మ్యాచ్‌లో మూడు గొడవలయ్యాయి. మావాడి షాట్ మిస్సయ్యాక రీబౌండ్ కోసం నేను బాస్కెట్ కింద గీతలు గీసిన పెయింట్‌లోనే ఎగురుతుంటే అవతలివాళ్ళు "త్రీ సెకండ్స్" అని అరిచారు, రిఫరీ విజిల్ వేసేశాడు. తర్వాత డిఫెండర్ చెయ్యి తగిలి సెంటర్ లైన్ దాటిపోయిన బంతిని వెనక్కి పరిగెత్తి పట్టుకుంటే, బంతిని మా సగంలోకి వెనక్కి తెచ్చామని బ్యాక్‌కోర్ట్ ఇచ్చాడు. చివర్లో షాట్ క్లాక్ 4 చూపిస్తుండగా మా ఎయిర్‌బాల్‌ని మేమే పట్టుకున్నాం. క్లాక్ మొదటికి రాలేదు, హారన్ మోగింది, బంతి వాళ్ళకిచ్చారు. వీటిలో ఏది కరెక్ట్?

జవాబు:

మొదటిది తప్పు విజిల్. మూడోది కరెక్ట్. రెండోదానికి మీరు చెప్పినదాంట్లో ఒక ముక్క తక్కువైంది: డిఫెండర్ చెయ్యి తగిలాక, బంతి సెంటర్ లైన్ దాటేలోపు మళ్ళీ మీవాళ్ళలో ఎవరికైనా తగిలిందా? తగలకపోతే అదీ తప్పు విజిలే. మీవాళ్ళ మోకాలికో వేలికో తగిలి వెనక్కి పోయి ఉంటే మాత్రం రిఫరీదే కరెక్ట్.

నేను చాలా ఏళ్ళుగా ఇలాంటి లీగ్‌లలో రిఫరీగా ఉంటున్నాను, టేబుల్ దగ్గర కూర్చుని షాట్ క్లాక్ కూడా నడిపాను. ఈ మూడు రూల్స్ మీద వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం సెకన్ల దగ్గర రావు. అందరికీ 3, 8, 24 అనే అంకెలు తెలుసు. తెలియనిదల్లా ఆ లెక్క ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ఆగిపోతుంది అన్నది. దానికి ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఈ క్షణంలో బంతి ఏ టీమ్ కంట్రోల్‌లో ఉంది?

కంట్రోల్ అంటే ఆ టీమ్ ఆటగాడు ఒకడు బంతిని పట్టుకుని ఉండటం, లేదా డ్రిబుల్ చేస్తుండటం, లేదా త్రో-ఇన్ కోసం బంతి అతని చేతికి రావడం. అక్కడ మొదలైన కంట్రోల్ వాళ్ళు ఒకరికొకరు పాస్ చేసుకుంటున్నంతసేపూ, బంతి గాల్లో ఉన్నా సరే, కొనసాగుతుంది. అది పోయే దారులు మూడే. అవతలి టీమ్ బంతిని పట్టుకోవాలి, లేదా విజిల్‌తో ఆట ఆగాలి, లేదా షాట్ వేసినవాడి చేతి నుంచి బంతి వెళ్ళిపోవాలి. డిఫెండర్ ఊరికే చెయ్యి తగిలించినంత మాత్రాన కంట్రోల్ మారదు. ఈ మాట గుర్తుంచుకోండి, మీ మూడు గొడవల్లో రెండింటికి ఇదే ఆధారం.

నేను చెప్తున్నది అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా రూల్స్ ప్రకారం. మీ లీగ్ అమెరికా లీగ్ ఎన్‌బీఏ రూల్స్ పెట్టుకుందో, సొంతంగా ఏమైనా మార్చుకుందో ముందు కనుక్కోండి. తేడా ఉన్నచోట చెప్తాను.

పెయింట్‌లో మూడు సెకన్లు

రూల్ మాటలు ఇవి: మీ టీమ్ కంట్రోల్‌లో బంతి ఫ్రంట్‌కోర్ట్‌లో, అంటే ప్రత్యర్థి బాస్కెట్ ఉన్న సగంలో ఉండాలి, గేమ్ క్లాక్ నడుస్తుండాలి, అప్పుడు మీరు ప్రత్యర్థి బాస్కెట్ కింది పెయింట్‌లో వరసగా మూడు సెకన్లకు మించి ఉండకూడదు. ఈ షరతుల్లో ఏ ఒక్కటి లేకపోయినా లెక్కే లేదు.

మీ సంగతికి వద్దాం. మీవాడి చేతి నుంచి షాట్ వెళ్ళిపోయిన క్షణంలో మీ టీమ్ కంట్రోల్ అయిపోయింది. ఇక రింగ్ తగిలి వచ్చిన బంతిని నలుగురు నాలుగు వైపుల నుంచి తడుతుంటే అది ఎవరి కంట్రోల్‌లోనూ లేదు. మీరు రెండుసార్లు తట్టినా, మీవాడు మూడోసారి తట్టినా, ఎవరూ పట్టుకోనంతవరకు మీరు పెయింట్‌లో పది సెకన్లు ఉన్నా తప్పు కాదు. మీవాడు ఎవరైనా రీబౌండ్ గట్టిగా పట్టుకున్నప్పుడే కొత్త లెక్క మొదలవుతుంది, అదీ సున్నా నుంచి. అంతకుముందు మీరు లోపల నిలబడిన సమయం అందులో కలవదు. డిఫెన్స్ బెంచ్ అరిచే "ఒకటి, రెండు, మూడు"ని పట్టించుకోనక్కర్లేదు, ఆ మూడు సెకన్లు సాధారణంగా ఒకటిన్నర సెకనులో అయిపోతాయి.

ఇదే సూత్రంతో ఇంకో రెండు సందర్భాలు తేలిపోతాయి. మీ గార్డ్ ఇంకా బ్యాక్‌కోర్ట్‌లో బంతి తెస్తుండగా మీరు ముందే వెళ్ళి పెయింట్‌లో నిలబడితే లెక్క లేదు, బంతి ఫ్రంట్‌కోర్ట్‌లోకి రావాలి. బేస్‌లైన్ దగ్గర త్రో-ఇన్ కోసం మీవాడు బంతి పట్టుకుని ఉన్నప్పుడు మీరు పెయింట్‌లో స్క్రీన్ పెట్టడానికి సర్దుకుంటున్నా లెక్క లేదు. అప్పటికి కంట్రోల్ మీదే అయినా గేమ్ క్లాక్ ఆగి ఉంది. కోర్టు లోపల ఎవరికైనా బంతి తగిలి క్లాక్ కదిలాకే సెకన్లు మొదలవుతాయి.

ఇప్పుడు నిజంగా విజిల్ పడే సందర్భాలు. సరదా లీగ్‌లలో నేను వేసే త్రీ సెకండ్స్‌లో చాలావాటికి కారణం గీత. పెయింట్ చుట్టూ ఉన్న గీతలు పెయింట్‌లో భాగమే. మడమ గీత మీద పెట్టుకుని "నేను బయటే ఉన్నాను కదా" అనుకునే, బాస్కెట్ దగ్గర ఆడే పోస్ట్ ఆటగాళ్ళు ప్రతి టీమ్‌లోనూ ఒకరుంటారు. ఒక కాలు బయటికి తీసి మళ్ళీ లోపల పెడితే లెక్క ఆగదు, అది లోపల ఉన్నట్టే. లెక్క తెగాలంటే రెండు కాళ్ళూ గీతలు దాటి బయట నేల మీద ఆనాలి. ఆ తర్వాత వెంటనే లోపలికి వచ్చినా కొత్తగా మూడు సెకన్లు మీవే. బయటికి పోవడం బద్ధకమై బేస్‌లైన్ దాటి కోర్టు బయటికి అడుగేసి మళ్ళీ లోపలికి వచ్చేవాళ్ళు కూడా ఉంటారు. అలా త్రీ సెకండ్స్ తప్పించుకోవడానికి కోర్టు వదలడం కూడా వయొలేషనే.

రిఫరీ కొంత ఓర్చుకోవాల్సిన చోట్లు రూల్‌లోనే ఉన్నాయి. మీరు బయటికి వెళ్ళే ప్రయత్నంలో ఉంటే విజిల్ వేయకూడదు. మీరో మీవాడో షాట్ వేస్తూ, బంతి చేతి నుంచి వెళ్తున్నా అప్పుడే వెళ్ళినా వేయకూడదు. మూడు సెకన్లు నిండేలోపు పెయింట్‌లో బంతి అందుకుని షాట్ కోసం డ్రిబుల్ చేసుకుంటూ పోతున్నా వేయకూడదు. కానీ ఈ చివరిదానికి ఒక మెలిక ఉంది. ఆ వెసులుబాటు షాట్ కోసం ఇచ్చింది. రెండున్నర సెకన్ల దగ్గర బంతి అందుకుని, బాస్కెట్ వైపు తిరిగి, డిఫెండర్‌ని చూసి మనసు మార్చుకుని బయటికి పాస్ ఇచ్చారనుకోండి, మూడు దాటితే విజిల్ పడుతుంది. లోపల ఆలస్యంగా బంతి అందితే వేసేయండి, లేదా డ్రిబుల్ చేస్తూ పెయింట్ దాటి బయటికి పొండి.

డిఫెన్స్ వాడు పెయింట్‌లో ఎంతసేపైనా నిలబడొచ్చా అని కూడా అడుగుతుంటారు. ఫిబాలో నిలబడొచ్చు. డిఫెన్సివ్ త్రీ సెకండ్స్ అన్నది ఎన్‌బీఏ రూల్, 2001-02 సీజన్ నుంచి ఉంది. టీవీలో చూసి మన లీగ్‌లోనూ ఉందనుకుని రిఫరీ మీదికి వెళ్ళేవాళ్ళు ఎక్కువ కాబట్టి చెప్తున్నాను.

సెంటర్ లైన్ దాటి వెనక్కి

ఇందులో రెండు రూల్స్ కలిసి ఉన్నాయి. బ్యాక్‌కోర్ట్‌లో బంతి మీ కంట్రోల్‌లోకి వస్తే 8 సెకన్లలో ఫ్రంట్‌కోర్ట్‌లోకి తీసుకుపోవాలి. ఒకసారి తీసుకుపోయాక మళ్ళీ వెనక్కి తేకూడదు. గొడవలన్నీ రెండోదాని మీదే, కాబట్టి దాన్నే వివరంగా చెప్తాను.

ముందు "తీసుకుపోవడం" అంటే ఏమిటో తేలాలి. సెంటర్ లైన్ మొత్తంగా బ్యాక్‌కోర్ట్‌కే చెందుతుంది. డ్రిబుల్ చేస్తూ వస్తున్నవాడికి మూడు గుర్తులు: ఎడమ కాలు, కుడి కాలు, బంతి. మూడూ గీత దాటి ముందువైపు నేలను తాకాకే అతను ఫ్రంట్‌కోర్ట్‌లో ఉన్నట్టు. ఒక కాలు ముందు, ఒక కాలు గీత మీద పెట్టుకుని డ్రిబుల్ చేస్తూ, డిఫెండర్ మీదికి రాగానే వెనక్కి తగ్గితే తప్పు కాదు. చూసేవాళ్ళందరూ "బ్యాక్‌కోర్ట్" అని అరుస్తారు, అరవనివ్వండి. ఆ స్థితిలో ఆగిపోయి వెనకున్న మీవాడికి పాస్ ఇచ్చినా తప్పు కాదు. కాకపోతే ఆ 8 సెకన్ల లెక్క ఇంకా నడుస్తూనే ఉంటుంది.

పాస్ అందుకునేవాడి సంగతి ఇంకా తేలిక: రెండు కాళ్ళూ పూర్తిగా ఫ్రంట్‌కోర్ట్‌లో ఉండి అందుకుంటే బంతి ముందుకొచ్చినట్టే. ఆ తర్వాత తిరుగుతూ కాలి వేళ్ళు గీత మీద పెట్టినా వయొలేషన్. గాల్లో ఉన్నవాడు చివరిగా ఎక్కడి నేల తాకి ఎగిరాడో అక్కడే ఉన్నట్టు లెక్క.

ఇక మీ గొడవ. బంతి వెనక్కి పోవడమే తప్పు కాదు. మీ టీమ్ కంట్రోల్‌లో ఫ్రంట్‌కోర్ట్‌లో ఉన్న బంతి, అక్కడ చివరిగా మీవాడికి తగిలి, బ్యాక్‌కోర్ట్‌లోకి పోయాక మొదటగా మళ్ళీ మీవాడే తాకితే అప్పుడు తప్పు. చివరి తాకిడి, మొదటి తాకిడి, రెండూ మీవే కావాలి. మీ పాస్‌ని డిఫెండర్ తట్టి అది నేరుగా వెనక్కి పోతే చివరి తాకిడి వాళ్ళది. మీరు హాయిగా వెళ్ళి తీసుకోవచ్చు, మీకు కొత్తగా 8 సెకన్లు కూడా వస్తాయి. షాట్ క్లాక్ మాత్రం మారదు, ఎందుకంటే డిఫెండర్ తట్టాడే గానీ పట్టుకోలేదు.

కానీ మ్యాచ్‌లో బంతి అంత శుభ్రంగా పోదు. మీ గార్డ్ డ్రిబుల్ చేస్తుంటాడు, డిఫెండర్ చెయ్యి పెడతాడు, బంతి గార్డ్ తొడకి కొట్టుకుని సెంటర్ లైన్ వైపు దొర్లుతుంది. అందరికీ కనిపించేది డిఫెండర్ చెయ్యి. రిఫరీ చూడాల్సింది ఆ తొడ. చివరి తాకిడి గార్డ్‌ది కాబట్టి మీవాళ్ళు వెనక్కెళ్ళి పట్టుకుంటే బ్యాక్‌కోర్ట్. గార్డ్ కావాలని తాకాడా, తగిలిందా అన్నది రూల్ అడగదు. మీ విషయంలోనూ ఇదే జరిగి ఉండొచ్చని నా అనుమానం. వీడియో ఏమైనా ఉంటే డిఫెండర్ చెయ్యి దగ్గర ఆపేయకుండా తర్వాతి అరసెకను చూడండి.

అలా దొర్లుతున్నప్పుడు ఏం చేయాలో కూడా చెప్తాను, ఇది చాలామంది ఆలోచించరు. చివరిగా తాకింది మీవాడే అని మీకు తెలుసు, పట్టుకుంటే విజిల్ అని కూడా తెలుసు. చుట్టూ చూడండి. దగ్గర్లో డిఫెండర్ ఉన్నా అతని ముందు ఖాళీ కోర్టు లేకుంటే, అతను ముందు తాకే అవకాశం ఇచ్చి తర్వాత మీరు లాక్కోవచ్చు. కానీ అవతలివాడు ఒక్కడే బంతి వెంట పరిగెడుతున్నాడు, ముందు ఖాళీ కోర్టు ఉంది అనుకోండి, అప్పుడు కావాలనే బంతిని ముందు మీరు తాకండి. విజిల్ పడుతుంది, బంతి వాళ్ళదవుతుంది, కానీ ఆట ఆగిపోతుంది. వాళ్ళు పక్క నుంచి త్రో-ఇన్ చేసేలోపు మీ అయిదుగురూ డిఫెన్స్‌కి చేరుకుంటారు. ఉచితంగా ఇచ్చే రెండు పాయింట్ల కంటే అది మేలు. నాకు తెలిసిన ఒక గార్డ్ ఈ పని ఎంత మామూలుగా చేసేదంటే, వాళ్ళ టీమ్‌లోనే కొత్తవాళ్ళు ఆమెకు రూల్ తెలియదేమో అనుకునేవాళ్ళు.

ఇక్కడ కూడా కంట్రోల్ ప్రశ్న మర్చిపోవద్దు. మీ షాట్ మిస్సయింది, రీబౌండ్ కోసం ఎగిరిన మీ ఆటగాడు పట్టుకోలేక బంతిని బయటికి తట్టాడు, అది సెంటర్ లైన్ దాటి పోయింది, మీ గార్డ్ వెనక్కెళ్ళి తీసుకున్నాడు. చివరి తాకిడి మీదే, మొదటి తాకిడి మీదే. అయినా తప్పు కాదు. షాట్‌తో మీ కంట్రోల్ పోయింది, తట్టడంతో అది తిరిగి రాలేదు. అదే ఆటగాడు రీబౌండ్‌ని రెండు చేతులా పట్టుకుని కిందికి దిగి, తర్వాత వెనక్కి పాస్ ఇచ్చి ఉంటే వయొలేషన్. చూడటానికి దాదాపు ఒకేలా ఉండే రెండు సంఘటనలకు రెండు తీర్పులు.

షాట్ క్లాక్‌ని మార్చేది రింగ్

24 సెకన్ల రూల్‌కి రెండు జరగాలి. హారన్ మోగేలోపు షాట్ చేతి నుంచి వెళ్ళాలి, ఆ షాట్ రింగ్‌కి తగలాలి లేదా బాస్కెట్‌లో పడాలి. రెండోదానికి హారన్‌తో పట్టింపు లేదు, బంతి గాల్లో ఉండగా మోగినా పడితే పాయింట్లు, రింగ్‌కి తగిలితే ఆట సాగుతుంది.

మీ ఎయిర్‌బాల్ రింగ్‌కి తగల్లేదు. కాబట్టి క్లాక్ పరంగా చూస్తే ఆ షాట్ వేయనట్టే. 4 సెకన్ల దగ్గర మొదలైన లెక్క 3, 2, 1 అని నడిచిపోతుంది, దాన్ని అందుకున్న మీవాడు ఆ మిగిలిన సమయంలోనే మళ్ళీ వేయాలి. బోర్డుకి మాత్రమే తగిలినా ఇంతే. డిఫెండర్ బ్లాక్ చేసి కోర్టు బయటికి కొట్టినా ఇంతే: బంతి మీదే, సమయం మిగిలినంతే.

ఇక్కడ చాలామంది కలిపేసుకునే విషయం ఒకటుంది. షాట్ చేతి నుంచి వెళ్ళగానే టీమ్ కంట్రోల్ పోయిందని, త్రీ సెకండ్స్ లెక్క ఆగిందని పైన చెప్పాను. మరి షాట్ క్లాక్ ఎందుకు ఆగలేదు? ఎందుకంటే దాన్ని మార్చేది రింగ్, లేదా అవతలి టీమ్ బంతిని పట్టుకోవడం. మీ ఎయిర్‌బాల్‌ని మీరే పట్టుకున్నారు, రెండింటిలో ఏదీ జరగలేదు. కాబట్టి ఆ ఒక్క ఎయిర్‌బాల్ మీ పోస్ట్ ఆటగాడికి పెయింట్‌లో కొత్తగా మూడు సెకన్లు ఇచ్చింది, మీ టీమ్‌కి షాట్ క్లాక్‌లో ఒక్క సెకను కూడా ఇవ్వలేదు.

రింగ్‌కి కాస్త రాసుకుపోయినా క్లాక్ మారేది, కానీ 24కి కాదు. మీ షాట్ రింగ్‌కి తగిలి రీబౌండ్ మీకే వస్తే 14 సెకన్లు. అవతలివాళ్ళకి వెళ్తే వాళ్ళకి 24. ఎన్‌బీఏ కూడా 2018-19 నుంచి ఆఫెన్సివ్ రీబౌండ్‌కి 14 పెట్టింది, కాబట్టి పాత మ్యాచ్‌లు చూసి 24 అని వాదించకండి.

విజిల్ తర్వాత ఎంత ఇస్తారన్నది ఇంకో తలనొప్పి. డిఫెన్స్ బంతిని బయటికి కొడితే ఉన్న సమయమే. డిఫెన్స్ ఫౌల్ చేసి మీకు త్రో-ఇన్ వస్తే, అది ఎక్కడి నుంచి అన్నది చూడాలి. బ్యాక్‌కోర్ట్ నుంచి అయితే కొత్తగా 24. ఫ్రంట్‌కోర్ట్ నుంచి అయితే, క్లాక్‌లో 14 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అలాగే వదిలేస్తారు, 13 గానీ తక్కువ గానీ ఉంటే 14కి పెంచుతారు. కాలితో కావాలని బంతిని తన్నినా ఇదే పద్ధతి.

మీలాంటి లీగ్‌లలో టేబుల్ దగ్గర కూర్చునేది ఆ పూట మ్యాచ్ లేని ఇంకో టీమ్ ఆటగాడే. అతను చేసే పొరపాట్లు ఎప్పుడూ అవే: బోర్డుకి తగలగానే మొదటికి తెచ్చేస్తాడు, లేదా డిఫెండర్ చెయ్యి తగలగానే తెచ్చేస్తాడు. నేను అక్కడ కూర్చోబెట్టేవాళ్ళకి ఒకే మాట చెప్తాను, షాట్ లేచాక బంతిని వదిలేసి రింగ్‌ని చూడమని. డిఫెండర్ తట్టినప్పుడైతే బొటనవేలు బటన్ మీద నుంచి తీసేయమంటాను. పొరపాటున మార్చేసినా, హారన్ ఊరికే మోగినా, కంగారుపడి ఆగిపోకండి. రిఫరీ విజిల్ వేసేదాకా ఆడుతూనే ఉండాలి. తప్పు హారన్‌ని ఆయన పట్టించుకోకపోవచ్చు, అప్పుడు మీరు నిలబడిపోతే అవతలివాళ్ళు లేఅప్ వేసుకుంటారు.

అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలనుకునేవాళ్ళకి ఒక పక్కమాట. 1950లో ఒక ఎన్‌బీఏ మ్యాచ్ 19-18తో ముగిసింది, ఆధిక్యంలో ఉన్న టీమ్ బంతిని పట్టుకుని కూర్చోవడమే ఆటగా మారింది. 1954లో సిరక్యూస్ టీమ్ యజమాని డానీ బయసోన్, జనానికి నచ్చే మ్యాచ్‌లో రెండు టీమ్‌లూ కలిపి దాదాపు 120 షాట్లు వేస్తాయని లెక్కేశాడు. 48 నిమిషాలంటే 2880 సెకన్లు, దాన్ని 120తో భాగిస్తే 24. ఫిబా 1956లో 30తో మొదలుపెట్టి 2000లో 24కి వచ్చింది.

మూడూ ఒకే పొజెషన్‌లో

మీరు బంతి పట్టుకుని ఆడుతున్నారనుకుని ఒక పొజెషన్ నడిపి చూద్దాం. అవతలివాళ్ళు బాస్కెట్ వేశారు, మీరు బేస్‌లైన్ నుంచి త్రో-ఇన్ చేశారు. మీ గార్డ్ బంతిని తాకగానే షాట్ క్లాక్ 24 నుంచి కదిలింది, 8 సెకన్ల లెక్కా అప్పుడే మొదలైంది. అంటే షాట్ క్లాక్ 16కి వచ్చేలోపు దాటాలి. గార్డ్ తల ఎత్తి ఆ బోర్డు చూసుకుంటే చాలు, రిఫరీ చెయ్యి ఊపి లెక్కపెట్టడం చూడక్కర్లేదు. మీ పోస్ట్ ఆటగాడు ఈలోగా పెయింట్‌లోకి పోయి నిలబడ్డాడు, లెక్క లేదు.

18 దగ్గర గార్డ్ రెండు కాళ్ళూ, బంతీ దాటాయి. ఇప్పుడు పోస్ట్ ఆటగాడికి మూడు సెకన్లు మొదలు. 16 దగ్గర అతను బయటికి వచ్చి రెండు కాళ్ళూ ఆనించి మళ్ళీ లోపలికి పోయాడు, కొత్త మూడు. 14 దగ్గర అతనికి ఇచ్చిన పాస్‌ని డిఫెండర్ బయటికి తట్టాడు, బంతి మీవాళ్ళెవరికీ తగలకుండా సెంటర్ లైన్ దాటింది, 12 దగ్గర గార్డ్ వెనక్కెళ్ళి పట్టుకున్నాడు. తప్పు లేదు. కొత్త 8 సెకన్లు, కాబట్టి షాట్ క్లాక్ 4 అయ్యేలోపు మళ్ళీ దాటాలి. బంతి బ్యాక్‌కోర్ట్‌లో ఉన్నంతసేపు పోస్ట్ ఆటగాడి లెక్క లేదు.

8 దగ్గర దాటారు, 3 దగ్గర షాట్ వేశారు, అది రింగ్‌కి తగిలింది. కంట్రోల్ పోయింది, పెయింట్ లెక్క పోయింది. పోస్ట్ ఆటగాడు ఎగిరి బంతిని బయటికి తట్టాడు, అది మళ్ళీ సెంటర్ లైన్ దాటిపోయింది, గార్డ్ తీసుకున్నాడు. బ్యాక్‌కోర్ట్ కాదు. షాట్ క్లాక్ 14. ముందుకు తేవడానికి 8. పోస్ట్ ఆటగాడు అక్కడే పెయింట్‌లో ఊపిరి తీసుకుంటున్నాడు, బంతి మళ్ళీ గీత దాటేదాకా అతనికి తొందరేమీ లేదు.

ఇప్పుడు ఇందులో ఒక్కటే మార్చండి: ఆ షాట్ రింగ్‌కి తగల్లేదనుకోండి. తట్టినా, గార్డ్ తీసుకున్నా బ్యాక్‌కోర్ట్ మాత్రం కాదు, ఆ తీర్పు అలాగే ఉంటుంది. కానీ షాట్ క్లాక్ ఆ 3 నుంచే తగ్గుతూ వచ్చింది, గార్డ్ బంతి అందుకునేసరికి ఒకటో రెండో మిగిలి ఉంటాయి. అప్పుడు అతను సగం కోర్టు నుంచే విసరాలి.

మీ మ్యాచ్ రిఫరీతో మాట్లాడాలనుకుంటే "అది త్రీ సెకండ్స్ కాదు" అని మొదలుపెట్టకండి. ఆట ఆగినప్పుడు కెప్టెన్‌ని పంపి "అప్పుడు బంతి ఎవరి కంట్రోల్‌లో ఉందండీ?" అని అడిగించండి. షాట్ తర్వాత అని ఆయనే అంటే జవాబు ఆయనకే తడుతుంది. ఇచ్చిన విజిల్ వెనక్కి తీసుకోడు గానీ తర్వాతి రీబౌండ్‌కి ఆగి చూస్తాడు. బ్యాక్‌కోర్ట్ విషయంలో అయితే "చివరిగా ఎవరికి తగిలిందండీ?" అని అడిగించండి. ఆయన "మీ నంబర్ ఏడు మోకాలికి" అంటే ఇక వాదించేదేమీ లేదు, ఏడో నంబర్ మీవాణ్ణే అడగండి.